ఆ ‘వే’ ఏడ పోయింది?

నేను చేసిన తప్పు రెండే రెండు అక్షరాల మీద. ఒకటి ఉంచాను, ఒకటి తీసేశాను. దాంతో ఒక మనిషి పద్నాలుగేళ్ల కొలువు పోయింది.

చేవెళ్లలో కోర్టుకు దగ్గర్లో, జిరాక్స్ దుకాణం మీది గది నాది. బయట బోర్డు మీద ‘రత్నాకర్, అనువాదకుడు’ అని ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. పట్టాలు, వీలునామాలు, వాంగ్మూలాలు, ఫోన్ రికార్డింగులు. ప్రతి కాగితం చివర ‘ఇది నిజమైన, సరైన అనువాదం’ అని రాసి సంతకం పెడతాను. నా ఇంగ్లీషు మీద ఇప్పటిదాకా ఎవరూ వేలెత్తి చూపలేదు. అందుకే నాకు కాస్త పొగరు కూడా.

ఆ పొగరు మొన్న శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి దిగిపోయింది. ముడిమ్యాల సాలమ్మ మెట్లెక్కి వచ్చి, నేను సంతకం పెట్టిన కాగితాన్ని నా బల్ల మీదే పెట్టింది.

“రత్నాకర్, నువ్వేనా గిది రాసింది?”

“నేనే.”

“మా బిడ్డ ప్రవీణ సదివి చెప్పింది. పాండుగాన్ని నేను ‘రా’ అన్నది దీంట్ల ఉన్నదట. అన్న. కాదన. మరి వాడు నన్ను ‘వే’ అన్నది లేదట. ఆ ‘వే’ ఏడ పోయింది?”

సాలమ్మ మొయినాబాదు దగ్గర ఒక పూల కంపెనీలో పని చేసేది. గులాబీలను కాడ పొడవు చూసి వేరు చేయడం, కట్టలు కట్టడం, డబ్బాల్లో పేర్చడం. లారీ ఎక్కించే ముందు డబ్బాలన్నింటినీ ఫోన్‌లో వీడియో తీసి పంపడం ఆ కంపెనీ పద్ధతి. నెల కింద ఒకరోజు వీడియో నడుస్తుండగానే మేనేజరు పాండు సాలమ్మను పిలిచాడు. ఆమె తిరిగి ఒక మాట అంది. మేనేజరును అందరి ముందు తిట్టిందని, నా అనువాదాన్నే ఆధారంగా పెట్టి కంపెనీ ఆమెను తీసేసింది. కంపెనీ అసలు యజమానులు ఇంగ్లండులో ఉంటారు. పైకి మొర పెట్టుకుంటే అక్కడి నుంచి ఒకావిడ వీడియోలో విచారణ చేస్తుంది. ఆవిడకు తెలుగు రాదు. ఆవిడ చేతిలో ఉన్నది నా కాగితం ఒక్కటే.

వీడియోలో పాండు అన్నది ఇది: “ఏమే సాలీ, ఇట్ల రావే. గీ డబ్బలు నువ్వేనా కట్టింది? కండ్లు కనవడ్తలేవా?”

సాలమ్మ అన్నది ఇది: “మాట మంచిగ మాట్లాడు రా పాండూ. నా చేతుల పని నేర్చుకున్నోనివి.”

నా అనువాదంలో పాండు ‘సాలమ్మా, కమ్ హియర్’ అన్నాడు. ఈ డబ్బాలు మీరేనా కట్టింది, సరిగ్గా కనిపించడం లేదా అని అడిగాడు. సాలమ్మ మాత్రం ‘టాక్ ప్రాపర్లీ, యూ ఫెలో’ అంది.

చదివిన వాళ్లకు ఏమనిపిస్తుంది? డబ్బాల గురించి ఒక పెద్దమనిషి అడిగాడు, ఒక నోటిదురుసు ఆడది తిట్టింది. అంతే.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. అలవాటు, అంతే. మన కోర్టు ఇంగ్లీషులో ‘రా’కు ‘యూ ఫెలో’ అని ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. నాకు పని నేర్పిన గుమాస్తా అట్లాగే రాసేవాడు, నేనూ రాశాను. ఆడవాళ్లను అనే ‘వే’కు అట్లాంటి తయారు మాట లేదు. లేదు కాబట్టి వదిలేస్తాం. ‘సాలీ’ అన్న పిలుపును చక్కదిద్ది ‘సాలమ్మ’ అని రాశాను, పేరు తప్పు రాయకూడదు కదా. వాడు కుదించిన పేరును నేను నిలబెట్టి, వాడికే మర్యాద తెచ్చిపెట్టాను.

“అక్కా, ఇంగ్లీషుల దానికి మాట లేదు,” అన్నాను.

సాలమ్మ నా ముఖంలోకి చూసింది. “నేనన్నదానికి ఉన్నది గని, వాడన్నదానికి లేదా?”

సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఆమె మీద చూపించలేక ఫ్యాన్ స్పీడు పెంచాను.

“కొలువు పోతే పోనియ్యి, కూలికి పోత,” అంది. “నోటిదురుసుదని రాసిండ్రు నన్ను. నేను పోయినంక గూడ ఆ కాయితం ఉంటది గదా.” మధ్యాహ్నం రెండున్నరకు ఆఖరి విచారణ. మొదటి విచారణకూ, దీనికీ నేనే దుబాసీ. సాలమ్మ లేచి, తొవ్వఖర్చుకు ఉంచుకున్న బస్సు చిల్లర పిడికిట్లో బిగించి మెట్లు దిగిపోయింది.

తలుపు దగ్గరేసి పెన్ను పట్టుకున్నాను. ఇంకా ఐదు గంటల టైముంది. ఒక్క అక్షరం ఇంగ్లీషులో పెట్టాలి. ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను.

మొదట ‘వే’ని ‘యూ వుమన్’ అని రాశాను. చదివితే అది తిట్టు కంటే ఎక్కువగా ఉంది. పాండు అనని బూతు నేను అనిపించినట్టవుతుంది. పైగా ‘వే’ తిట్టు కాదు. మా అమ్మ మా చెల్లెను పొద్దస్తమానం ‘రావే, తినవే’ అంటుంది. అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కొట్టేశాను.

పాత ఇంగ్లీషులో మన ‘నువ్వు’లాంటి మాట ఒకటి ఉండేది, ‘దౌ’. అది పెట్టి చూశాను. ఇప్పటి చెవులకు ఆ మాట ప్రార్థనలోనే వినిపిస్తుంది. పాండు సాలమ్మకు మోకరించి మొక్కుతున్నట్టుంది. కొట్టేశాను.

పోనీ, మర్యాద ఉన్నచోట ‘ప్లీజ్’ చేరుద్దామా? అదే వీడియోలో పాండు, ఫోన్ పట్టుకున్న వర్షితతో “వర్షిత గారూ, మీరు జర ఇటు నిలవడుండ్రి” అంటాడు. ఆ అమ్మాయి కంప్యూటర్ పని చేస్తుంది, ఇరవై మూడేళ్లు. ఆమెకు ‘ప్లీజ్’ చేర్చి సాలమ్మకు చేర్చకపోతే తేడా కనిపిస్తుంది. కానీ ‘నిలవడుండ్రి’లో బతిమాలడం లేదు. అది కూడా ఆజ్ఞే, కాకపోతే చివర మర్యాద తగిలించిన ఆజ్ఞ. ‘ప్లీజ్’ అని రాస్తే అబద్ధం. అదీ కొట్టేశాను.

ఆ ఇంగ్లండు ఆవిడకు ఉర్దూ వస్తే ఎంత బాగుండు! ‘తూ’ అన్నాడు, ‘ఆప్’ అనలేదు అని చెబితే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

అప్పుడు వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పన్నెండు నిమిషాలది. కంపెనీ నన్ను ‘సంబంధం ఉన్న భాగం’ మాత్రమే చేయమంది కాబట్టి అప్పట్లో నిమిషమున్నర మాత్రమే చేశాను. ఇప్పుడు మొత్తం విన్నాను. నాలుగో నిమిషంలో పాండు కాపలా ముసలాయన మైసయ్యను పిలుస్తాడు: “మైసన్నా, నువ్వు జర ఆ తలుపు తియ్యి.”

నువ్వు! మైసయ్యనూ ‘నువ్వు’ అన్నాడు, సాలమ్మనూ ‘నువ్వు’ అన్నాడు. నా పని ఇంకా చెడింది. మా దిక్కు కన్నతండ్రిని కూడా ‘నువ్వు’ అంటాం, ‘బాపూ, నువ్వు తిన్నవా’ అని. దేవుణ్ణీ ‘నువ్వు’ అనే వేడుకుంటాం. ‘నువ్వు’ అన్నాడని ఫిర్యాదు చేస్తే పాండు నవ్వుతాడు.

మళ్లీ విన్నాను. ‘మైసన్నా.’ అందులో ‘అన్న’ ఉంది. ఆ ‘నువ్వు’ను నిలబెట్టేది ఆ అన్నే. మా దగ్గర మర్యాద మొత్తం వరస పిలుపులో ఉంటుంది. అన్న, అక్క, అవ్వ, బాపు. అది ఉంటే ‘నువ్వు’ అన్నా గౌరవమే. అది తీసేసి, పేరు కుదించి, చివర ‘వే’ తగిలిస్తే, అదే ‘నువ్వు’ మనిషిని కిందికి తోస్తుంది. సాలమ్మ దగ్గర పని నేర్చుకున్నప్పుడు పాండు ఆమెను అక్కా అనే పిలిచి ఉంటాడు. మేనేజరు కుర్చీలోకి రాగానే అక్కను తీసేశాడు.

ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పనీ అదే. అన్న, అక్క, అవ్వ అన్న పిలుపులన్నీ అనవసరమని కొట్టేస్తాను. ‘సిస్టర్’ అని రాస్తే దవాఖాన నర్సు అనుకుంటారని, ‘బ్రదర్’ అంటే తోడబుట్టినవాడనుకుంటారని. ఎన్ని వాంగ్మూలాల్లో ఎంతమంది మర్యాద కొట్టేశానో!

పన్నెండింటికి ఫోన్ మోగింది. కంపెనీ ఆఫీసులో మనుషుల వ్యవహారాలు చూసే మనోజ్ఞ.

“అన్నా, సాలమ్మ నీ దగ్గరికి వచ్చిందంట గదా. జర జాగ్రత్త. నువ్వు సంతకం పెట్టిన కాగితం నువ్వే మారిస్తే, ఇన్నాళ్లు నువ్వు చేసినవన్నీ తప్పేనా అంటరు. కంపెనీ పని ఇంక నీకు రానియ్యరు. ఏదున్నదో అదే సదువు. అంతే. నువ్వంటే నాకు ఫికర్ ఉంది, అందుకే చెప్తున్న.”

బెదిరింపు కాదు అది. నిజంగా నా మంచి కోరే చెప్పింది. ఎనిమిదేళ్లుగా అన్నా అని పిలుస్తున్న పిల్ల. ఆ కంపెనీ కాగితాలే నా గదికి ఆధారం. సరేనమ్మా అన్నాను. ఆ క్షణాన నిజంగానే సరే అనుకున్నాను.

ఒంటిగంట బస్సెక్కి మొయినాబాదులో దిగాను. కంపెనీ గది చల్లగా ఉంది. గోడకు పెద్ద తెర. ఒక పక్క పాండు, మనోజ్ఞ కుర్చీల్లో ఉన్నారు. ఎదురుగా సాలమ్మ కుర్చీ అంచున కూర్చుంది. మధ్యలో నేను. తెర మీద నెరిసిన జుట్టు ఆవిడ, చేతిలో నా కాగితం. నెమ్మదిగా మాట్లాడుతుంది. అది దుబాసీలకు వరం.

ముందు పాండును అడిగింది, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని. నేను తెలుగులో చెప్పాను: “ఆ రోజు ఏమైందో మీరు చెప్పండి సార్.”

పాండు చెప్పాడు. డబ్బాలు వంకరగా కట్టారని అడిగానని, ఈమె అందరి ముందు తిట్టిందని.

ఆవిడ సాలమ్మ వైపు తిరిగింది. అవే మాటలు అడిగింది, అక్షరం మార్చలేదు. నేను తెలుగులో చెప్పాను: “ఆ రోజు ఏమైందో నువ్వు చెప్పు.”

సాలమ్మ తెర మీంచి చూపు తిప్పింది. నన్నే చూస్తోంది.

అప్పుడు వినిపించింది నాకు, నా గొంతు. ఆవిడ ఇద్దరినీ ఒకే ‘యూ’తో అడిగింది. ఆ ‘యూ’ తెలుగులోకి రావాలంటే నేను ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకటి ఎంచుకోవాల్సిందే. ఒకటి పాండుకు, ఒకటి సాలమ్మకు పంచింది ఎవరు? ఆవిడ కాదు. నేను. అక్కా అని కూడా అనలేదు. మొదటి విచారణలోనూ ఇట్లాగే చేసి ఉంటాను. ఆ రోజు కూడా సాలమ్మ ఇట్లాగే చూసి ఉంటుంది, నేను గమనించి ఉండను.

“అక్కా,” అన్నాను. “ఆ రోజు ఏమైందో మీరు చెప్పుండ్రి అని అడుగుతున్నరు.”

మనోజ్ఞ తలెత్తింది.

సాలమ్మ చెప్పడం మొదలుపెట్టేలోగా నేను తెర వైపు తిరిగి, దుబాసీగా నా తప్పు ఒకటి సరిదిద్దుకోవడానికి అనుమతి కావాలని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ సరేనంది.

“మీ చేతిలోని అనువాదం సరైనది కాదు,” అన్నాను. “అది నేను చేసిందే. ఇద్దరూ ఒకరినొకరు తక్కువ చేసే అక్షరాలు వాడారు. ఆమెది ఉంచాను, ఆయనది వదిలేశాను.”

మనోజ్ఞ లేచింది. “మేడం, దుబాసీ ఎదుటివాళ్లు అన్నది మాత్రమే చెప్పాలి. సాక్ష్యం చెప్పకూడదు.” అది ఇంగ్లీషులో అంది. అది న్యాయమైన మాటే. ఆవిడ కూడా తలూపి, అభిప్రాయం వద్దు, మాటలు మాత్రమే చెప్పమంది.

చెప్పాను. వీడియోలో పాండు పిలిచిన ముగ్గురినీ వరసగా చెప్పాను. పిలుపులను ఇంగ్లీషు చేయకుండా తెలుగులోనే ఉంచాను. వర్షిత గారూ, మీరు, నిలవడుండ్రి. మైసన్నా, నువ్వు, తియ్యి. ఏమే సాలీ, నువ్వు, రావే. ‘గారు’ అంటే ఏమిటో, ‘అన్న’ అంటే ఏమిటో, ‘సాలీ’ సగం పేరని, ‘వే’ కన్నబిడ్డకో, చిన్నప్పటి స్నేహితురాలికో, కింద చూసే మనిషికో వాడే అక్షరమని చెప్పాను. ఇంగ్లీషులో ఈ మూడూ ‘యూ’నే అని చెప్పాను. సాలమ్మ అన్న ‘రా’ కూడా అట్లాంటిదేనని, అదీ దాచనని చెప్పాను. ఆవిడ రాసుకుంటోంది.

అదంతా నేను మళ్లీ తెలుగులో చెప్పగా విన్న పాండుకు ముఖం ఎర్రబడింది. “గిదేం లొల్లి! మా దిక్కు భాషే గట్లుంటది. మా అవ్వను గూడ నువ్వే అంట నేను. అందరం ఏమే, ఓసే అనుకుంటం. దాంట్ల తప్పేమున్నది?”

అక్షరం పొల్లు పోకుండా ఇంగ్లీషు చేశాను. వాడు చెప్పిందాంట్లో నిజముంది. ఆ నిజం చాలు సాలమ్మను ముంచడానికి. ఆవిడ పెన్ను ఆపి, అట్లా అయితే ఇది మామూలు మాటే కదా, అవునా అని నన్నే అడిగింది. చెప్పడానికి నోరు తెరిచాను. మనోజ్ఞ నన్నే చూస్తోంది. అభిప్రాయం వద్దన్నారు కదా.

“నేను చెప్పకూడదు మేడం,” అన్నాను. “ఆయన్నే అడగండి.”

ఆవిడ కాగితం పక్కన పెట్టింది. తర్వాత పాండుతో, నా ద్వారా, ఇట్లా అంది: “ఇది అందరితో అనే మాట అంటున్నారు. అయితే మీ పక్కనే మనోజ్ఞ ఉన్నారు. అదే పిలుపుతో, వాళ్ల పేరు పెట్టి, ఒకసారి పిలవండి. నాకు తెలుగు రాదు. వినాలని ఉంది.”

నేను తెలుగులో చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు.

పాండు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మనోజ్ఞ వైపు తిరిగాడు. ఆమె అతన్ని చూడకుండా బల్ల మీది కాగితాన్ని చూస్తోంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పాండు నోరు తెరిచాడు. మూశాడు. సాలమ్మ వాణ్ణి రెప్ప వేయకుండా చూస్తోంది. తెర మీద ఆవిడ తొందరపెట్టలేదు.

“ఎట్లంట సార్,” అన్నాడు పాండు నాతో, గొంతు దించి. “మేడంను గట్లెట్ల అంట?”

ఏమన్నారు అని అడిగింది ఆవిడ.

పొద్దుటి నుంచి నేను ఒక్క అక్షరాన్ని ఇంగ్లీషులోకి తేలేక చచ్చాను. ఈ వాక్యం మాత్రం వెతుక్కోకుండానే వచ్చింది. ‘మేడంను అట్లా ఎలా అంటాను’ అంటున్నారు అని చెప్పాను. ఇంగ్లీషులో కూడా దాని అర్థం అంతే, ఇసుమంత తగ్గలేదు.

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. సాలమ్మను తీసేసిన ఉత్తరువు రద్దు. ఆమె మీద ‘తిట్టింది’ అని రాసిన కాగితం కూడా రికార్డు నుంచి తీసేయాలి. సోమవారం నుంచి పనిలోకి. పాండు సంగతి వేరుగా చూస్తామంది. నేను తెలుగులో చెబుతుంటే సాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “కాయితం గూడ తీస్తరా?” అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెప్పాను. నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

తెర ఆరిపోయింది. పాండు ఎవరినీ చూడకుండా బయటికి వెళ్లాడు. నేను నా సంచీ సర్దుకుంటున్నాను. మనోజ్ఞ తలుపు దగ్గర నిలబడి ఉంది. కోపంగా లేదు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

“మీరు ఇక వెళ్లొచ్చు, రత్నాకర్ గారూ. అవసరం ఉంటే మేమే కబురు చేస్తాం.”

ఎనిమిదేళ్లలో ఆమె నన్ను ‘మీరు’ అనడం అదే మొదటిసారి. పన్నెండింటికి ఫోన్‌లో కూడా అన్నా అంది. ఒక్క మాటలో ఆ అన్నను తీసేసి, ‘గారు’ పెట్టి, నన్ను గేటు బయట నిలబెట్టింది. మర్యాదకు ఎక్కడా లోటు లేదు. దీన్ని ఇంగ్లీషు చేయమంటే ‘యూ మే గో నౌ’ అని రాస్తాను, చదివిన వాళ్లు ఎంత పద్ధతైన మనిషో అనుకుంటారు. ఆ కబురు రాదని నాకు తెలుసు.

గేటు బయట, రోడ్డుకు అవతల సాలమ్మ నిలబడి ఉంది. చేవెళ్ల బస్సు దూరంగా కనిపిస్తోంది. నన్ను చూసి చెయ్యెత్తింది. పొద్దున పేరు పెట్టి పిలిచిన మనిషి ఇప్పుడు పేరు ఎత్తలేదు.

“తమ్మీ, ఉరుకురా, బస్సు పోతది!”

“వస్తున్న అక్కా,” అని రోడ్డు దాటాను.